“ఏ కవి?” అని ఆమె అడిగిన ఆరు వారాలకి

పోయిన వారం హాస్టల్ మెస్ మీద రాసిన భాగం కింద వాదన ఇంకా నడుస్తోంది. నడవనివ్వండి. ఈ వారం వేరే సంగతి రాస్తాను. ఇది ఉద్యమానికి సంబంధం లేని విషయమని కొందరు మిత్రులు అనొచ్చు. చదివాక అనండి.

మొన్నొక సాయంత్రం ఫైనలియర్ కుర్రాడొకడు స్టాఫ్ రూమ్ బయట తచ్చాడుతున్నాడు. మిగతా లెక్చరర్లు వెళ్లేదాకా ఆగి లోపలికొచ్చాడు. “మాస్టారూ, ఒకటి అడగాలండి. సిలబస్సు గురించి కాదండి” అన్నాడు. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. డేటింగ్ యాప్‌లో ఒకమ్మాయితో మ్యాచ్ అయ్యాడట. అంటే ఇద్దరూ విడివిడిగా ఒకరినొకరు ఇష్టపడి నొక్కితే యాప్ ఇద్దర్నీ కలుపుతుంది. రెండు వారాలు బాగా మాట్లాడుకున్నారు, నంబర్లు కూడా ఇచ్చుకున్నారు. తర్వాత ఆ అమ్మాయి నుంచి మాట లేదు. ఐదు వారాలైంది. “ఇప్పుడు ఏం పెడితే ఎబ్బెట్టుగా ఉండదండి?” అని అడిగాడు.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి కాబట్టి వాక్యం నేను బాగా రాసిస్తానని వాడి నమ్మకం. వాడికి తెలియనిదేమిటంటే, సరిగ్గా అదే పని నేను నెల కిందటే చేశాను. నా సంగతి ముందు చెప్పి వాడి దగ్గరికి వస్తాను.

నాకు ముప్పై నాలుగేళ్లు. మధ్యవర్తులు తెచ్చే సంబంధాలు ఇక చూడనని అమ్మకి చెప్పేసి ఏడాదైంది. సంక్రాంతి సెలవుల్లో, ఇంట్లో అందరూ నిద్రపోయాక, యాప్ ఫోన్‌లో వేసుకున్నాను. ఫొటోలు పెట్టమంది. నాకున్న వాటిలో బాగా వచ్చింది మా కాలేజీలో ఎవరో తీసినది. వెనక గోడ మీద అంబేడ్కర్ పటం ఉంది. ఆ పటం రాకుండా కోసి పెట్టాను.

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. ప్రతి ఏప్రిల్ 14కి స్టేజీ ఎక్కి మాట్లాడేవాణ్ణి నేను. 2022 మేలో కోనసీమ జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు, ఒక పేరుకి ఇంత భయమా అని ఇక్కడే నాలుగు భాగాలు రాసినవాణ్ణి. ఆ పేరున్నాయన బొమ్మని నా వేలితోనే పక్కకి జరిపేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కాకినాడలో ఉద్యోగం చేసే ఒకావిడతో మ్యాచ్ అయ్యింది. ఆవిడని అడిగే ఇది రాస్తున్నాను. అంతకు మించి ఆవిడ వివరాలు ఉండవు. పదకొండు రోజులు మాట్లాడుకున్నాం. రాజమండ్రి రోజ్ మిల్క్ మీద ఒక రోజంతా పోట్లాడుకున్నాం. అది వట్టి రంగూ పంచదారా అని ఆవిడ వాదన. గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాల వాసన గురించి నేనేదో రాస్తే, తన చిన్నప్పుడు వాళ్ల నాన్న అక్కడికి తీసుకెళ్లిన సంగతి చెప్పింది. తర్వాత ఫిబ్రవరి మొదటి వారంలో మాటలు ఆగిపోయాయి.

నేను వెంటనే కులం అనుకున్నాను. మనం అలాగే అనుకుంటాం. అనుకోవడానికి కారణాలు కూడా మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. నాకు బాగా తెలిసిన వరస ఒకటుంది. ముందు ఇంటిపేరు అడుగుతారు. మా గోదావరి జిల్లాల్లో ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుంది కాబట్టి దాంతో తేలదు. అప్పుడు ఊరడుగుతారు. ఊరు చెబితే “ఊళ్లో ఎక్కడ?” అంటారు. పేట అనో కాలనీ అనో చెప్పగానే ప్రశ్నలు అయిపోతాయి. చాలాసార్లు వాటితో పాటు మాటలు కూడా అయిపోతాయి. అందుకని ఆవిడ కూడా ఎలాగోలా కనిపెట్టేసి ఆగిపోయిందని తేల్చుకుని, ఆరు వారాలు ఆ కోపంతోనే ఉన్నాను. కోపంలో ఒక సుఖముంది. దాంట్లో ఉన్నంతకాలం మనం ఏమీ తిరిగి చదవక్కర్లేదు.

మార్చిలో ఒక ఆదివారం, యాప్ తీసేద్దామని తెరిచాను. ఆవిడ చాట్ అక్కడే ఉంది. ఈ యాప్‌లలో అవతలివాళ్లు మనల్ని అన్‌మ్యాచ్ చేస్తే మొత్తం సంభాషణ మన జాబితాలోంచి మాయమైపోతుంది. ఉందీ అంటే తలుపు మూయలేదని అర్థం. అంతకు మించి అర్థం తీయకూడదు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా అకౌంట్ అలాగే మిగిలిపోతుంది కాబట్టి, ఆవిడ ఇవతలికి తొంగి చూడకుండానే నెలలు గడిచి ఉండొచ్చు.

తీసేసే ముందు ఒకసారి మొదట్నించి చదివాను. ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. ఆఖరి ప్రశ్న ఆవిడదే. “పీహెచ్‌డీ దేని మీద చేశారు?” అని అడిగింది. నేను “ఆధునిక కవిత్వం” అన్నాను. “ఏ కవి?” అంది. దానికి నా జవాబు ఒక నవ్వు బొమ్మ, “చెబితే బోర్ కొడుతుందిలెండి” అనే మాట. అంతే. దాని కింద ఖాళీ.

ఆరు వారాలుగా ఆవిడ మౌనం అని నేను అనుకుంటున్నది నా మౌనమే. నా థీసిస్‌లో సగం కుసుమ ధర్మన్న మీద. ధర్మన్న పేరు చెబితే కులం చెప్పినట్టే అవుతుందని దాటేశాను. ఫొటోలో చేసిన పనే మాటల్లోనూ చేశాను.

ఆగిపోయిన చాట్‌ని మళ్లీ కదపాలనుకునేవాళ్లు అందరికన్నా ముందు చేయాల్సిన పని ఇదే అనుకుంటున్నాను. రాయకముందు చదవాలి. ఎవరి ప్రశ్న దగ్గర ఆగింది, ఆగే ముందు జవాబులు పొట్టివవుతూ వచ్చాయా, లేక మంచి మాట మధ్యలో తెగిందా, మనం ఇస్తామని ఇవ్వనిది ఏమైనా ఉందా అని చూసుకోవాలి. ఇబ్బందంతా వారాల ఎడం వల్ల వస్తుందనుకుంటాం కానీ, ఆ ఎడం పెద్ద లెక్క కాదు. పరీక్షలుంటాయి, ఇంట్లో జ్వరాలుంటాయి, మధ్యలో ఇంకొకరు నచ్చి ఉండొచ్చు. ఆ చివర్న ఒక మాట తెరుచుకునే ఉండిపోతుంది చూశారా, కొరుక్కుతినేది అదీ.

సరే, ఏం రాయాలి? నేను కొట్టేసినవి కూడా చెబుతాను.

మొదట “హాయ్, ఎలా ఉన్నారు?” అని రాశాను. ఆరు వారాల తర్వాత ఈ ప్రశ్నకి ఏం జవాబు చెబుతారు? బాగున్నానంటే మళ్లీ బంతి నా దగ్గరికే వస్తుంది. ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదో చెప్పాలేమో అని అవతలివాళ్లకి భారం. మాట మొదలెట్టేది నేనూ, పని చేయాల్సింది ఆవిడా.

తర్వాత “బాగా బిజీ అయిపోయినట్టున్నారు” అని రాశాను. దీన్ని పంపకపోవడం నా అదృష్టం. ఆ “ఉన్నారు” ముందున్న “నట్టు” చూడండి. మన ఇళ్లల్లో పెద్దత్తలు గుమ్మంలో నిలబడి వాడే ప్రయోగం అది. పైకి పలకరింపు, లోపల ఎత్తిపొడుపు. చదివినవాళ్లకి లోపలిదే వినిపిస్తుంది.

ఉగాది వస్తోంది కదా, శుభాకాంక్షలతో మొదలెడదామా అనుకున్నాను. పండగ మెసేజీలు వందమందికి ఒకేసారి వెళ్తాయని అందరికీ తెలుసు. వాటికి ఒక దండం బొమ్మ పెడితే సరిపోతుంది, పెట్టకపోయినా ఎవరూ అనుకోరు. వంకాయ కూర వండి పెట్టమని అడగాల్సిన చోట పప్పుబెల్లాలు పంచినట్టుంటుంది.

తర్వాత పెద్ద క్షమాపణ ఒకటి రాశాను. పన్నెండు లైన్లొచ్చింది. నా చిన్నతనం, మా పేట, నా భయం, ఫొటో, అన్నీ ఉన్నాయి. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. కానీ పదకొండు రోజుల పరిచయంలో ఉన్న మనిషి మీద దాన్ని పడేస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుంది. మన బాధ నిజమైనదే అయినా, దాన్ని ఎదుటివాళ్ల మీద బాకీలాగా రాయకూడదు. ఆ పన్నెండు లైన్లూ తీసేశాను. (ఫొటో సంగతి ఇప్పుడు మీ అందరి మీదా పడేశాను. మీరు అలవాటైనవాళ్లు.)

అప్పుడు నాకు నా క్లాసు గుర్తొచ్చింది. ఏటా నేను జాషువా గబ్బిలం చెప్పేటప్పుడు ముందు మేఘసందేశం కథ చెబుతాను. కాళిదాసు యక్షుడు మేఘానికి దారంతా చెప్పి, సందేశం చెప్పి, ఆఖర్న ఒక గుర్తు కూడా ఇస్తాడు. వాళ్లిద్దరికే తెలిసిన, ఒక రాత్రి నిద్రలో జరిగిన చిన్న సంగతి. అది వింటే ఈ మాట నిజంగా తన మనిషి దగ్గర్నించే వచ్చిందని ఆమె నమ్ముతుంది. అశోకవనంలో హనుమంతుడు వెనక్కి వెళ్లేటప్పుడు సీత చెప్పిన కాకి కథ కూడా అలాంటి గుర్తే. జాషువా 1941లో ఆ చట్రం తీసుకుని, మబ్బునీ హంసనీ కాకుండా, గుడిలోకీ తన గుడిసెలోకీ కూడా రాగలిగిన గబ్బిలాన్ని పట్టుకుని, ప్రియురాలికి కాకుండా కాశీలోని శివుడికి కబురు పంపించాడు. ఎవరికి పంపాలి, ఎవరితో పంపాలి అనేవి మార్చాడు. ఎన్నాళ్లుగానో జవాబు రాని చోటికి ఎలా మాట్లాడాలో మనకి ఆ పెద్దాయనకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు?

గుర్తు ఇవ్వాలి. వందమందిలో ఎవరికైనా పంపగలిగే వాక్యం కాకుండా, ఆ ఒక్క మనిషికే పనికొచ్చే వాక్యం రాయాలి. నా దగ్గర ఆ గుర్తు సిద్ధంగానే ఉంది. ఆవిడ అడిగిన ప్రశ్నే. చివరికి పంపింది ఇదీ:

“ఏ కవి అని అడిగారు, నేను దాటేశాను. కుసుమ ధర్మన్న. రాజమండ్రి ఆయనే, ఆయుర్వేద వైద్యుడు. గరిమెళ్ల తెల్లదొరతనం వద్దని పాట రాస్తే, ఈయన నల్లదొరతనం కూడా వద్దని రాశాడు. జయభేరి అని పత్రిక నడిపాడు. మా వాళ్లలో పుట్టినాయన. అందుకే అప్పుడు చెప్పడానికి ఆలోచించాను. రోజ్ మిల్క్ విషయంలో మాత్రం నా మాట మారదు.”

ఇందులో నాకు నచ్చినవి రెండు. ఇన్ని రోజులైందని ఎక్కడా లేదు. ఆవిడ ఎందుకు ఆగిందని ఎక్కడా లేదు. అడిగిన దానికి జవాబు ఉంది, అంతే. తిరిగి రాయాలంటే ధర్మన్న గురించి రాయొచ్చు, మా వాళ్లు అన్న మాట గురించి రాయొచ్చు, అదేమీ వద్దనుకుంటే రోజ్ మిల్క్‌ని తిట్టి ఊరుకోవచ్చు. అసలు రాయకపోయినా ఎవరి మాటా గాల్లో వేలాడదు. ప్రశ్న గుర్తుతో ముగించకపోవడం కావాలని చేసిందే.

ఇంకొకటి కూడా చూశాను. మెసేజ్ మొదటి లైను ఫోన్ తాళం తీయకుండానే తెర మీద పడుతుంది. ఆడపిల్లల ఫోన్లు ఇంట్లో బల్ల మీద, టీవీ పక్కన, అన్నదమ్ముల కళ్లెదుట ఉంటాయి. కాబట్టి మొదటి లైను ఎవరు చదివినా ఫర్వాలేదన్నట్టు ఉండాలి. “ఏ కవి అని అడిగారు” అనేది అలాంటిదే. మిస్ అవుతున్నాను, గుర్తొస్తున్నావు లాంటివి రాత్రి పదకొండింటికి పంపేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆసుపత్రి బయట నరికిన రాష్ట్రాల మనుషులం మనం. మన ప్రేమకథల్లో జాగ్రత్త రాసుకోవాల్సింది కథ మధ్యలో కాదు, మొదటి లైన్లోనే. నేను ఆదివారం పొద్దున్న పదకొండింటికి పంపాను.

ఈ భాగం రాస్తూ ఒక విద్యార్థినికి చూపిస్తే ఆమె ఒక మాట అంది. “మీరు ఒక్కసారి పంపొచ్చు అంటున్నారు సార్. మేము ముందు పంపితే అది స్క్రీన్‌షాట్ అయి వాళ్ల గ్రూపుల్లో తిరుగుతుంది. అందులోనూ మా పేటల ఆడపిల్ల మెసేజ్ అయితే ఇంకా బాగా తిరుగుతుంది.” నిజమే. ఆ అమ్మాయి తన పద్ధతి చెప్పింది. ముఖ్యమైనదేదీ రాతలో పెట్టదు. చిన్న మాట రాసి, అవతలి మనిషి మర్యాదగా పలికితే ఫోన్లో మాట్లాడుతుంది. మగవాణ్ణి కాబట్టి నాకు తట్టని జాగ్రత్త అది. రాసిన దాంట్లో అలాగే చేరుస్తున్నాను.

పంపాక రెండు రోజులు ఏమీ రాలేదు. ఆ రెండు రోజుల్లో రెండో మెసేజ్ పెట్టకుండా ఉండటం, మొదటిది రాయడం కన్నా కష్టమైంది. ఇన్‌స్టాలో వెతుకుదామనీ, కాకినాడలో ఉన్న స్నేహితుణ్ణి వాకబు చేద్దామనీ అనిపించింది. ఆవిడ నాకు ఇచ్చింది ఒక్క కిటికీ. దానికి జవాబు రాకపోతే పెరటి గోడ దూకడం తప్పు. అది వెంటాడటం అవుతుంది, మనం ఏ కులంవాళ్లమైనా.

మూడో రోజు సాయంత్రం వచ్చింది. “మీ ఫొటోలో భుజం పక్కన ఒక పటం అంచు మిగిలిపోయింది. నీలం కోటు చెయ్యి, పుస్తకం మూల. అది ఎవరో, ఎందుకు కోశారో చూడగానే తెలిసింది. చెబుతారేమో అని అడిగాను. బోర్ కొడుతుందన్నారు. సొంత మనిషిని దాచేవాడు రేపు నన్ను కూడా దాస్తాడనిపించి వదిలేశాను.” దాని కింద, కాసేపాగి ఇంకోటి. “ధర్మన్న పుస్తకం ఉంటే ఇవ్వండి. రోజ్ మిల్క్ మాత్రం వద్దు.”

కోశాననుకున్నాను గానీ సరిగ్గా కోయలేదన్నమాట. ఆ రాత్రి మొత్తం ఫొటో పెట్టాను. అది చూసి వెళ్లిపోయేవాళ్లు వెళ్తున్నారు. మ్యాచ్‌లు తగ్గాయి. ఆవిడది ఏ కులమో తెలుసుకోవాలని ఈపాటికి మీలో కొందరికి నాలుక దురద పెడుతూ ఉంటుంది. నాకు తెలుసు, చెప్పను.

ఇక మా కుర్రాడు. నా కథ విని వాడు మొహం వెలిగించుకుని, “అయితే నేనూ అలాగే పెడతానండి” అన్నాడు. ముందు చాట్ చదువుదామన్నాను. ఇద్దరం చదివాం. మొదటి పది రోజులు ఆ అమ్మాయి ఒక్కోసారి నాలుగేసి మెసేజీలు పెట్టింది. తర్వాత ఇంటిపేరు అడిగింది, చెప్పాడు. ఊరడిగింది, చెప్పాడు. ఊళ్లో ఎక్కడ అంది, అదీ చెప్పాడు. దేన్నీ దాచలేదు, నాకన్నా మెరుగైనవాడు. దాని కింద “ఓ ఓకే” అని ఉంది. మర్నాడు “హ్మ్”. ఆ తర్వాత రెండు రోజులకి “ఎగ్జామ్స్ ఉన్నాయి”. అంతే.

వాడి చాట్‌లో తెరుచుకుని ఉన్న ప్రశ్న లేదు. అడిగినవన్నీ అయిపోయాయి, జవాబులూ వెళ్లిపోయాయి. ఏం తవ్వి తీసినా ఆ “ఓ ఓకే” కిందే పెట్టాలి. పంపొద్దన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత “నిజంగా పరీక్షలే అయ్యుండొచ్చు కదండీ. మీరు ఆరు వారాలు తప్పుగా అనుకున్నారు కదండీ” అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. గుర్తులు చూసి ఊహించగలం గానీ, అవతలి ఇంట్లో ఏం జరిగిందో చూడలేం.

“అయితే ఒక్కటే పెట్టు. మళ్లీ పెట్టకు” అన్నాను. ఏం రాయాలో వాడే ఆలోచించుకున్నాడు. ఆ అమ్మాయి తనకి ఆర్గానిక్ కెమిస్ట్రీ రావట్లేదని మొదట్లో ఒకసారి అందట. “ఆర్గానిక్ ఎలా రాశారు?” అని రాసి, నా వైపు చూసి, నేనేమీ అనకపోయేసరికి పంపేశాడు. వాట్సాప్‌లో రెండు బూడిద రంగు టిక్కులు పడ్డాయి. అంటే ఫోన్‌కి చేరింది, బ్లాక్ చేయలేదు. చదివిందో లేదో అది చెప్పదు. నీలం టిక్కులు రాకుండా సెట్టింగ్ పెట్టుకునేవాళ్లు చాలామంది.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. నిన్న కారిడార్లో ఎదురుపడ్డాడు. నేను అడగలేదు. “రెండు టిక్కులే ఉన్నాయండి మాస్టారూ” అని వాడే చెప్పి, క్లాసుకి టైమైందని వెళ్లిపోయాడు.